స్కైరిమ్ అనే పేరు పదిహేడేళ్లు మ్యాప్‌లోనే ఎదురుచూసింది

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

నేను, నా బీటెక్ రూమ్‌మేట్, వాడి చెల్లెలు కలిసి ఒక ఫాంటసీ గేమ్ చేస్తున్నామని మీలో చాలామందికి తెలుసు. పాడుబడ్డ కోట, దాన్ని చుట్టేసిన మర్రిచెట్టు, లోపల ఇరుక్కుపోయిన ఒక పిల్ల. పద్నాలుగు నెలల శనాదివారాలు దానికే పోయాయి. పేరు మాత్రం మొదటి వారంలోనే పెట్టేసుకున్నాం: "జైథారాన్". దానికి అర్థం లేదు. మేమే పుట్టించాం. వినగానే ఏదో పాత సామ్రాజ్యంలా అనిపిస్తుందని మా ముగ్గురికీ తెగ నచ్చేసింది.

మొన్న మా బాబాయికి ఫోన్ చేసి, "బాబాయ్, టెస్టింగ్ లింక్ ఓపెన్ చేశాం, ప్లే స్టోర్‌లో జైథారాన్ అని కొట్టి చూడు" అన్నాను. అటువైపు రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత, "ఒరేయ్, జైత్రయాత్ర అని కొడితే నాగార్జున సినిమా వస్తోందిరా" అన్నాడు. సరేనని స్పెల్లింగ్ చెప్పబోయాను. మా ముగ్గురిలోనే మూడు స్పెల్లింగులు ఉన్నాయని అప్పుడు తెలిసింది. నేను రాసేది Zaitharan, వాడు రాసేది Jytharan, వాళ్ల చెల్లెలు డిజైన్ ఫైల్లో పెట్టింది Jaitharan.

ఆ రాత్రి కూర్చుని పేర్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చివరికి ఒక్క గేమ్ సిరీస్ దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే పేరు పెట్టడంలో ఉన్న అన్ని దారులనీ వాళ్లు ఒక్కరే నడిచి చూశారు. కొన్నిచోట్ల తడబడ్డారు, ఒకచోట కోర్టుకి కూడా వెళ్లారు. అదే ఎల్డర్ స్క్రోల్స్.

1990ల మొదట్లోకి వెళ్దాం. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో బెథెస్డా సాఫ్ట్‌వర్క్స్ అని ఒక చిన్న కంపెనీ. వాళ్లు ఒక గేమ్ మొదలుపెట్టారు. ఐడియా సింపుల్: మల్లయోధుల జట్టు ఒకటి ఊరూరా తిరుగుతుంది, ప్రతి ఊళ్లో గోదాలో పోటీ, గెలుస్తూ రాజధానికి చేరాలి. దానికి "అరీనా" అని పేరు పెట్టారు. గోదా గురించిన గేమ్‌కి గోదా అనే పేరు. ఇంతకంటే సూటిగా పెట్టలేం.

కానీ చేస్తూ చేస్తూ ఉంటే గేమ్ మారిపోయింది. ఊళ్ల మధ్య తిరగడం, గుహల్లోకి దూరడం, ఎవరో అప్పజెప్పిన పనులు చేయడం, ఇవే బాగున్నాయి. పోటీలు బోరు కొట్టాయి. నెమ్మదిగా జట్టు పోయి ఒక్కడే హీరో మిగిలాడు. చివరికి గోదా కూడా గేమ్‌లోంచి పోయింది. అంటే "అరీనా" అనే గేమ్‌లో అరీనా లేదు! మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫీచర్ తీసేశారు, వేరియబుల్ పేరు మార్చలేదు.

మార్చొచ్చు కదా అంటారా? మార్చలేకపోయారు. ఆ పేరుతో యాడ్స్ అప్పటికే ప్రింట్ అయిపోయాయి. అందుకని కథలోనే ఒక అతుకు వేశారు. ఈ లోకంలో హింస ఎంత ఎక్కువంటే, జనం ఆ సామ్రాజ్యాన్నే అరీనా అని పిలుచుకుంటారట. వినడానికి కాస్త సాకులా ఉంది కదా. సాకే.

ఆ అతుకు చాలదనుకున్నారేమో, పేరుకి ముందు ఇంకో రెండు పదాలు తగిలించారు: ది ఎల్డర్ స్క్రోల్స్. పెద్దల కాలం నాటి తాళపత్రాలు అనుకోండి. ఆ పేరు సూచించింది లీడ్ డిజైనర్ విజయ్ లక్ష్మణ్ అని, ఆయనతో పనిచేసిన టెడ్ పీటర్సన్ తర్వాత చెప్పుకొచ్చాడు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఆ రోజున ఆ మాటలకి అర్థం ఏంటో టీమ్‌లో ఎవరికీ తెలియదట. బాగుంది కాబట్టి పెట్టారు. 1994లో గేమ్ బయటికొచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. "ఎల్డర్" అనేది డిక్షనరీలో ఉన్న మాట. "స్క్రోల్" కూడా అంతే. రెండూ నిజం మాటలే, కానీ రెండూ కలిస్తే వచ్చే వస్తువు మాత్రం లోకంలో లేదు. వినగానే మన బుర్ర ఒక బొమ్మ గీసేస్తుంది: పాత కాగితం, ఎవరో రాసిపెట్టిన రహస్యం, చదవకూడనిది ఏదో ఉంది. మా జైథారాన్ ఆ పని చేయదు. అది విన్నవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందుకే బాబాయి బుర్ర దగ్గర్లో ఉన్న తెలిసిన మాటకి పరిగెత్తింది. పుట్టించిన మాటకి ఉన్న అసలు కష్టం ఇదే. మనం దాన్ని ఖాళీగా వదిలేస్తాం, వినేవాడు మాత్రం దాన్ని ఖాళీగా ఉంచుకోడు.

తర్వాత వచ్చినవాళ్లు ఆ రెండు మాటలకి నెమ్మదిగా అర్థం పేర్చుకుంటూ వెళ్లారు. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో దొంగల ముఠా కథ ఒకటి ఉంటుంది. దాని చివరి పని రాజభవనంలోకి దూరి ఒక ఎల్డర్ స్క్రోల్‌ని ఎత్తుకురావడం. వాటిని చదివే పూజారులకి చూపు పోతుందని అక్కడ చూపిస్తారు. 2011లో స్కైరిమ్ వచ్చేసరికి, కథలో ఒక ముఖ్యమైన మలుపు ఆ స్క్రోల్ విప్పి చదవడం మీదే నడుస్తుంది. 1994లో అర్థం లేకుండా అట్ట మీద వేసిన పేరుని ఆటగాడు పదిహేడేళ్ల తర్వాత చేతుల్లో పట్టుకుని చదువుతాడన్నమాట. నిజం మాటలు కాబట్టే ఇది కుదిరింది. స్క్రోల్ అన్నారు, కాబట్టి ఏదో ఒకరోజు స్క్రోల్ చూపించగలిగారు.

ఇప్పుడు మ్యాప్ దగ్గరికి వద్దాం. అరీనాలోనే ఆ లోకానికి మ్యాప్ ఉంది. మొత్తం ఖండం పేరు టామ్రియెల్. అది పూర్తిగా పుట్టించిన మాట. దానిలోని రాజ్యాల పేర్లు చూడండి: స్కైరిమ్, మారోవిండ్, హ్యామర్‌ఫెల్, బ్లాక్ మార్ష్, హై రాక్, ఎల్స్వేర్. స్కై అంటే ఆకాశం, రిమ్ అంటే అంచు. ఉత్తరాన మంచు కొండల దేశానికి ఆకాశపు అంచు అని పేరు. బ్లాక్ మార్ష్ అంటే నల్ల బురదనేల, అంతే. ఎల్స్వేర్ అయితే చిలిపిపని, "ఇంకెక్కడో" అనే ఇంగ్లిష్ మాటకి స్పెల్లింగ్ మార్చి దేశం చేసేశారు.

ఆ మ్యాప్‌లో ఉన్న మారోవిండ్ 2002లో గేమ్ టైటిల్ అయింది, స్కైరిమ్ 2011లో అయింది. ఖండం మొత్తానికి పేరైన టామ్రియెల్ మాత్రం ఈ ప్రధాన గేముల్లో ఒక్కదానికీ పేరు కాలేదు. ఇదేమీ వాళ్లు రాసుకున్న రూల్ అని నేను అనను. కానీ అట్ట మీదకి వచ్చిన పేర్లు చూస్తే, అరీనా కానీ ఆబ్లివియన్ కానీ నిజం మాటలు. డాగర్‌ఫాల్, మారోవిండ్, స్కైరిమ్ రెండు తెలిసిన మాటల్ని అతికించినవి. పూర్తిగా పుట్టించిన మాట ఒక్కటీ లేదు.

అంటే పుట్టించిన మాటలు పనికిరావా? పనికొస్తాయి, కానీ వాటి చోటు వేరు. స్కైరిమ్‌లో డ్రాగన్లకి ఒక భాషే తయారుచేశారు. ఆడినవాళ్లకి "ఫస్ రో డా" తెలిసే ఉంటుంది. దాన్ని ఎలా నేర్పించారో గమనించండి. మొదట ఒక్క మాట ఇస్తారు, ఫస్. మీరు అరుస్తారు, ఎదుటివాడు కాస్త తూలుతాడు. కొంత ఆట తర్వాత రో, ఆ తర్వాత డా. మూడూ కలిపి అరిస్తే ఎదుటివాడు కొండ మీంచి ఎగిరిపోతాడు. ఆ మాటకి అర్థం ఏంటో ఎవరూ లెక్చర్ ఇవ్వక్కర్లేదు, ఎగిరిపడ్డవాడే అర్థం. "డొవాకిన్" అనే మాటకి కూడా పక్కనే "డ్రాగన్‌బార్న్" అని తెలిసిన మాట ఇచ్చారు. పుట్టించిన మాటకి నేర్పే టైమ్ కావాలి. గేమ్ లోపల ఆ టైమ్ గంటలకొద్దీ దొరుకుతుంది. ప్లే స్టోర్ ఐకాన్ కింద అర సెకను కూడా దొరకదు.

సరే, అయితే నిజం మాటే పెట్టేస్తే సరిపోతుందా? ఇక్కడే కోర్టు కథ.

2011లో మైన్‌క్రాఫ్ట్ చేసిన స్వీడన్ కంపెనీ మొజాంగ్ తన కొత్త గేమ్ ప్రకటించింది. కార్డులతో ఆడే వ్యూహాల ఆట. ఆ కార్డులని గేమ్‌లో స్క్రోల్స్ అంటారు కాబట్టి పేరు కూడా "స్క్రోల్స్" అనే పెట్టారు. దాన్ని ట్రేడ్‌మార్క్ చేయడానికి అప్లై చేశారు. బెథెస్డా వెనక ఉన్న జెనీమ్యాక్స్ కంపెనీ లాయర్లు, ఇది మా ఎల్డర్ స్క్రోల్స్‌తో కలగలిసిపోతుందని నోటీసు పంపారు. అప్పట్లో నెట్ అంతా నవ్వింది. స్క్రోల్ అనే మాట మీ సొత్తా అని. మొజాంగ్ స్థాపకుడు నాచ్ అయితే, క్వేక్ 3 గేమ్‌లో ముగ్గురు వర్సెస్ ముగ్గురు తేల్చుకుందాం రండి అని సవాలు విసిరాడు. వాళ్లు రాలేదు, కోర్టుకే వెళ్లారు. అక్టోబర్‌లో స్వీడన్ కోర్టు ఆ పేరుని తాత్కాలికంగా ఆపడానికి ఒప్పుకోలేదు. అక్కడితో మొజాంగ్ గెలిచిందనే చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను.

2012 మార్చిలో రాజీ అయింది. షరతులు చదివితే మాత్రం వేరే కథ కనిపిస్తుంది. స్క్రోల్స్ అనే ట్రేడ్‌మార్క్‌నీ, దాని కోసం పెట్టిన అప్లికేషన్లనీ మొజాంగ్ జెనీమ్యాక్స్‌కే ఇచ్చేసింది. తిరిగి ఆ పేరుని తన ఆ కార్డు గేమ్‌కి, దాని అనుబంధాలకి మాత్రమే వాడుకోవడానికి వాళ్ల దగ్గర లైసెన్స్ తీసుకుంది. సొంత ఇల్లు కట్టుకుని, దాన్ని పక్కవాడికి రాసిచ్చి, అందులోనే అద్దెకున్నట్టు. తర్వాత గేమ్ సరిగ్గా నడవలేదు. దానికి పేరే కారణమని నేను అనను, కార్డు గేముల్లో పోటీ అలాంటిది. 2018లో సర్వర్లు మూసేసి, గేమ్‌ని ఉచితంగా విడుదల చేసినప్పుడు దాని పేరు "కాలర్స్ బేన్" అని మారింది. రెండు నిజం మాటలే, కానీ జంటగా కొత్తవి.

ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే 1976లో న్యూయార్క్‌లో వచ్చిన ఒక తీర్పు చూడాలి. గొడవ గేముల గురించి కాదు, "సఫారీ" అనే మాటతో బట్టలు అమ్మడం గురించి. జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ అందులో పేర్లని మెట్లలా పేర్చాడు. అన్నిటికంటే కింద, వస్తువు పేరే పేరుగా పెట్టడం. మామిడిపళ్లకి "మామిడి" అని పెడితే అది ఎవరి సొత్తూ కాదు. దాని పైన గుణం చెప్పే పేర్లు, "తియ్యటి మామిడి" లాంటివి. ఆపైన గుణాన్ని పరోక్షంగా సూచించేవి. ఆపైన సంబంధం లేని నిజం మాట, కంప్యూటర్‌కి యాపిల్ అన్నట్టు. అన్నిటికన్నా పైన పుట్టించిన మాట, కొడాక్ లాగా. పైకి ఎక్కేకొద్దీ చట్టం గట్టిగా కాపాడుతుంది.

అంటే సమస్య ఇది: లాయర్‌కి నచ్చే పేరు పై మెట్టు మీద ఉంది, మా బాబాయి బుర్రకి ఎక్కే పేరు కింది మెట్ల దగ్గర ఉంది. ఫాంటసీ గేమ్‌కి స్క్రోల్స్, సాగా, రియల్మ్, బ్లేడ్ లాంటి మాటలు ఎంత అందంగా ఉన్నా, ఆ వీధిలో అందరూ వాడుకునే మాటలే. స్కైరిమ్ నాకెందుకు తెలివైన పేరనిపిస్తుందంటే, వినేవాడికి రెండు తెలిసిన మాటలు వినిపిస్తాయి, కానీ ఆ రెండూ అతికిన మాట డిక్షనరీలో లేదు. సెర్చ్‌లో కొడితే ఆ గేమే వస్తుంది. ఆబ్లివియన్ కొడితే 2013లో వచ్చిన టామ్ క్రూజ్ సినిమా కూడా వస్తుంది.

అలాగని అతికిస్తే చాలు, అంతా సేఫ్ అనుకోకండి. ఇదే జెనీమ్యాక్స్ 2018లో "రెడ్‌ఫాల్" అనే పేరుకి అప్లై చేసింది. హ్యామర్‌ఫెల్ గుర్తుందిగా, ఇదేదో కొత్త ఎల్డర్ స్క్రోల్స్ పేరని ఫ్యాన్స్ ఊహాగానాలు మొదలుపెట్టారు. తీరా చూస్తే ఆ పేరుతో అప్పటికే ఒక నవలల సిరీస్ ఉంది. ఆ పబ్లిషర్ అభ్యంతరం పెట్టాడు. ఈసారి నోటీసు అందుకునే వంతు పెద్ద కంపెనీది. తర్వాత రాజీ కుదిరింది. 2023లో ఆ పేరుతో రక్తపిశాచుల గేమ్ వచ్చింది. రెండు తేలిక మాటలు అతికిస్తే, అవే మాటలు ఇంకొకడు కూడా అతికించి ఉంటాడు.

ఇదంతా చదువుతూ ఉంటే, ఈ పద్ధతి నాకు ఎక్కడో తెలుసే అనిపించింది. మా అమ్మమ్మ ఇంట్లో అటక మీద పాత చందమామలు ఉండేవి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ పేర్లు గుర్తు చేసుకోండి. కంచుకోట. జ్వాలాద్వీపం. రాకాసిలోయ. రాతిరథం. శిథిలాలయం. పుట్టించిన మాట ఒక్కటి ఉందా? రాయి తెలుసు, రథం తెలుసు, రాతిరథం ఎలా కదులుతుందో మాత్రం తెలియదు. అది తెలుసుకోవడానికే వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూసేవాళ్లు. మన బాహుబలిలో కూడా రాజ్యానికి మాహిష్మతి అని పురాణాల్లో ఉన్న పాత నగరం పేరే పెట్టారు. పుట్టించిన కిలికి భాషని లోపల కాలకేయుల నోట్లో పెట్టారు.

ఇక మా గేమ్ సంగతి. జైథారాన్ తీసేశాం. వాళ్ల చెల్లెలు ముందు "కోట" అంది. ప్లే స్టోర్‌లో కోట అని కొడితే మనం ఎక్కడో అడుగున ఉంటాం. గేమ్‌లో ఉన్న విషయం ఏంటి? మర్రి ఊడలు, కోట. "ఊడలకోట" అన్నాడు నా ఫ్రెండ్. ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. అదే అనిపించింది.

తర్వాత చేసిన పనులు చెప్తాను, మీలో ఎవరైనా గేమ్ చేస్తుంటే పనికొస్తాయి. భారత ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, డబ్బులక్కర్లేదు. దానిలో మామూలు పదం సెర్చ్‌తో పాటు ఫొనెటిక్ అని ఒక ఆప్షన్ ఉంది, అంటే ఒకేలా వినిపించే పేర్లు వెతుకుతుంది. తెలుగు పేర్లకి ఇది తప్పనిసరి. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ క్లాస్ 9 కింద, ఆన్‌లైన్‌లో ఆడించే గేమ్ సర్వీస్ క్లాస్ 41 కింద వస్తాయి. రెండిట్లోనూ చూశాం. మా పేరుకి దగ్గరగా ఏదీ దొరకలేదు. రెడ్‌ఫాల్ కథ గుర్తుండి, పుస్తకాల పేర్లు కూడా వెతికాం.

మిగిలిన గొడవ స్పెల్లింగ్. మాట తెలుగుదే, కానీ జనం టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లో. మళ్లీ బాబాయికే ఫోన్ చేశాను. ఈసారి స్పెల్లింగ్ చెప్పలేదు. "ఊడలకోట అని కొట్టు బాబాయ్" అన్నాను, అంతే. పేరు ఒక్కసారికే అర్థమైపోయింది. "ఏంట్రా, మర్రిచెట్టు కథా?" అన్నాడు. గేమ్ గురించి నేను ఇంకా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కానీ ఆయన కొట్టింది Udalakota. పిన్ని కొట్టింది Oodalakota. వాళ్లబ్బాయి Oodala Kota అని విడదీసి కొట్టాడు.

టైటిల్‌లో Oodalakota పెట్టి, మిగతా రెండూ స్టోర్ వివరణలో వచ్చేలా రాద్దామని నేనంటున్నాను. నా ఫ్రెండేమో టైటిల్ తెలుగు లిపిలోనే ఉండాలి, ఇంగ్లిష్ అక్షరాలు కింద ఉంటే చాలు అంటున్నాడు. ఈ ఆదివారం లోపు తేల్చాలి, లోగో చేసేవాడు కూర్చుని ఉన్నాడు. మీరైతే ఎలా కొడతారో, ఇప్పుడే ఫోన్ తీసి ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి టైప్ చేసి కామెంట్‌లో పెట్టండి. పైవాళ్లవి చూసి కాదు, మీ చేతికి ఎలా వస్తే అలా. వచ్చే ఎపిసోడ్‌లో లెక్కపెట్టి చెప్తాను.